నుదుటి బొట్టు ఏం చెబుతుంది?

(నాలుగు నిమిషాల వీడియో. బల్లమీద పసుపు నీళ్ల గాజుగ్లాసు, కిళ్లీ సున్నం, నిమ్మచెక్క.)

హాయ్! ఈ గ్లాసులో ఉన్నవి మామూలు పసుపు నీళ్లు. ఇందులో చిటికెడు సున్నం వేసి కలుపుతున్నా. చూడండి...

(దగ్గరి షాట్: నీళ్లు ఎర్రబడతాయి.)

కొత్త పెళ్లికూతురు గడప దగ్గర నిలబడగానే దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. పసుపులోని కర్‌క్యుమిన్‌కి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపే! ఇంట్లో చేసి చూడండి. కాకపోతే సున్నం కంట్లో పడకుండా జాగ్రత్త, మండిపోతుంది.

కుంకుమ వెనకాల ఉన్నదీ ఈ పసుపే. పాత పద్ధతిలో చేసేవాళ్లు పసుపు కొమ్ములను నిమ్మరసం, వెలిగారం, పటికతో నానబెట్టి, ఎండబెట్టి, దంచుతారు. ఇప్పుడు బజార్లో చవగ్గా దొరికే పొట్లాల్లో చాలావాటిలో ఉండేది రంగుపొడే.

(శ్రీశైలం గుడి. విభూతి పెట్టుకున్న పెద్దాయన.)

ఇక విభూతి. ఆవు పేడ పిడకలు కాల్చి, ఆ బూడిదను మెత్తగా జల్లించి చేస్తారు. మూడు వేళ్లతో అడ్డంగా మూడు గీతలు గీస్తే త్రిపుండ్రం. శివభక్తుల గుర్తు. శ్రీశైలంలో, శ్రీకాళహస్తిలో, మన ఊళ్లకొచ్చే జంగమదేవర నుదుటి మీద చూసే ఉంటారు. మూడు గీతలకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతారు. నాకు నచ్చింది మాత్రం బూడిదే. రాజైనా కూలివాడైనా చివరికి అయ్యేది అదే కదా, దాన్నే రోజూ పొద్దున్నే మొహాన రాసుకోవడమంటే ధైర్యం కావాలి.

(నిలువు నామాల బొమ్మలు రెండు, పక్కపక్కన.)

గీతలు నిలువుగా ఉంటే విష్ణుభక్తులు. తెల్లది తిరుమణి, ఒక రకం మెత్తటి మట్టి. మధ్యలో ఎర్రగీత శ్రీచూర్ణం. ఇప్పుడు కింద, ముక్కు దగ్గర చూడండి. ఒకదానికి ముక్కు మీదికి దిగే చిన్న పాదం ఉంది, అది తెంగలై. పాదం లేకుండా గుండ్రంగా తిరిగింది వడగలై. ఇద్దరూ రామానుజుల వారి సంప్రదాయం వాళ్లే! అయినా కాంచీపురం వరదరాజస్వామి గుడిలో ఈ రెండు వర్గాల గొడవలు బ్రిటిష్ కాలం నుంచీ కోర్టులకెక్కుతూనే ఉన్నాయి. మంత్రాలయం వెళ్తే ఇంకో రకం కనిపిస్తుంది. మాధ్వులు ద్వారక వైపు నుంచి వచ్చే గోపీచందనంతో నిలువు నామం దిద్దుకుని, మధ్యలో నల్లటి అంగారం గీస్తారు.

తిరుమల శ్రీవారి నామం మట్టితో కాదు, పచ్చకర్పూరంతో పెడతారు. మధ్యలో కస్తూరి. మామూలు రోజుల్లో అది కళ్లను చాలావరకు కప్పేస్తుంది. గురువారం సన్నగా చేస్తారు, అప్పుడు స్వామి కళ్లు కనిపిస్తాయి. దాన్నే నేత్రదర్శనం అంటారు. శుక్రవారం అభిషేకం అయ్యాక మళ్లీ నిండు నామం.

(పెళ్లిపిలుపులు: గుమ్మం దగ్గర కుంకుమభరిణతో ఇద్దరు ఆడవాళ్లు.)

అన్ని బొట్లూ భక్తికే కాదు. మన దగ్గర పెళ్లికి కార్డు ఇస్తే చాలదు, బొట్టు పెట్టి పిలవాలి. పెట్టలేదని అలిగి పెళ్లికి రాని అత్తయ్యలు మీ చుట్టాల్లో కూడా ఉండే ఉంటారు. పసిపిల్లకు బుగ్గన పెట్టే నల్లచుక్క దిష్టి కోసం.

ఇందులో చేదు సంగతీ ఒకటుంది. ఆడపిల్ల ఊయలలో ఉన్నప్పటి నుంచే బొట్టు పెడతాం. భర్త పోతే మాత్రం ఆ బొట్టు తుడిచేవాళ్లు, ఇప్పటికీ కొన్ని ఇళ్లలో తుడుస్తారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది ఇలాంటి బతుకులు చూసే. పెళ్లికి ముందు నుంచీ తనదైన బొట్టును భర్తతో పాటు ఎందుకు తీసేయాలి? మీ ఇంట్లో అడగండి.

(మళ్లీ బల్ల దగ్గర.)

"బొట్టు పెడితే అక్కడి నరం నొక్కుకుని జ్ఞాపకశక్తి పెరుగుతుంది" అని వాట్సాప్‌లో వస్తుంటుంది. దానికి రుజువు లేదు. నమ్మకానికి సైన్సు ముసుగు వేయాల్సిన పని లేదని నా అభిప్రాయం. పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకుంటాం, అంతే. హిందువులంతా పెట్టుకోరు, పెట్టుకున్నవాళ్లంతా హిందువులూ కారు. జైనులు గుడికెళ్తే పచ్చటి చందనం బొట్టు పెట్టుకుంటారు.

సైన్సు నిజంగా పనికొచ్చేది స్టిక్కర్ బొట్టు దగ్గర. కొన్ని రకాల జిగురులో ఉండే ఒక రసాయనం పడనివాళ్లకు దురద పుట్టి, ఆ చోట చర్మం రంగు పోయి తెల్లమచ్చ వస్తుంది. హనుమంతుడి గుళ్లో ఇచ్చే సింధూరంలో సీసం ఉండొచ్చు, నోట్లోకి పోనివ్వకండి. రాత్రి పడుకునేముందు స్టిక్కర్ తీసేసి మొహం కడుక్కోండి. మచ్చ కనిపిస్తే స్టిక్కర్ మానేసి చర్మం డాక్టరుకు చూపించండి.

మీ ఇంట్లో ఏ బొట్టు పెడతారో, దేంతో చేస్తారో కామెంట్లో రాయండి. అమ్మమ్మల దగ్గర చాదు తయారీ తెలిసినవాళ్లుంటే మరీ మంచిది, వచ్చే వీడియో దాని మీదే.