కర్చీఫ్ కథ, శనివారానికి

కిరణ్‌కి,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. 5 నిమిషాల 40 సెకన్లు ఉంది. శనివారం మీ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి తలా 3 నిమిషాలు అన్నావు కదా. కథ బంగారం తమ్ముడూ, దాని చుట్టూ చుట్టిన గుడ్డలే ఎక్కువయ్యాయి. అవి విప్పేశాను. ముందు తయారైన కథ మొత్తం చదువుకో. ఏది ఎందుకు తీశానో, ఎక్కడ ఆగాలో తర్వాత రాశాను. మామూలు వేగంతో పైకి చదివితే 2 నిమిషాల 20 సెకన్లు పట్టింది. మిగతా 40 సెకన్లు జనం నవ్వడానికి.

ఇదీ నువ్వు చెప్పాల్సింది:

మా వైపు పల్లెవెలుగు బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే, ఆ సీటు మన పేర రిజిస్టరైపోయినట్టే. ఎవరూ కాదనరు.

భోగి ముందు రోజు సాయంత్రం, బెజవాడ బస్టాండు. నేను గుడివాడ వెళ్లాలి. బస్సు ఇలా వచ్చి ఆగిందో లేదో, రెండు బస్సుల మధ్య సందులోకి దూరాను. జేబులోంచి కర్చీఫ్ తీశాను. నీలం గళ్లది, బీసెంట్ రోడ్డులో యాభైకి మూడు. నాలుగో కిటికీలోంచి విసిరాను. సరిగ్గా సీటు మధ్యలో పడింది. గిర్రున వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ ఎక్కేశాను.

లోపల కాలు పెట్టే చోటు లేదు. నాలుగో కిటికీ దగ్గర మాత్రం సీటు ఖాళీ. దాని మీద నీలం గళ్ల కర్చీఫ్. దర్జాగా కూర్చున్నాను.

కాసేపటికి ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో నీళ్ల సీసా. "బాబూ, అది నా సీటు" అన్నారు.

"కర్చీఫ్ వేశానండీ" అన్నాను.

"ఆ కర్చీఫ్ నాదే బాబూ."

నాకు పౌరుషం వచ్చింది. లేచి నిలబడ్డాను. లేస్తే సీటు పోతుందని మళ్లీ కూర్చున్నాను. కర్చీఫ్ పైకెత్తి బస్సు మొత్తానికీ చూపించాను. "నాది కాకపోతే దీంతో మొహం తుడుచుకుంటానా?" అని మొహం తుడుచుకున్నాను. మెడ తుడుచుకున్నాను. చెవుల వెనక కూడా తుడుచుకున్నాను.

బస్సంతా నా వైపే. వెనక సీట్లో ఆవిడ, "పోన్లెండి బాబాయిగారూ, కుర్రాడు అంత గట్టిగా చెప్తున్నాడుగా" అంది. పెద్దాయన ఇంకేమీ అనలేదు. కడ్డీ పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు.

కండక్టరు వచ్చాడు. "గుడివాడ ఒకటి" అన్నాను.

"ఇది బందరు బస్సు బాబూ."

కిటికీలోంచి బయటికి చూశాను. పక్కన ఇంకో బస్సు. నాలుగో కిటికీ. నీలం గళ్ల కర్చీఫ్. ఆ బస్సులో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు, ఆ సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు. నేను చూస్తుండగానే బస్సు రివర్స్ తీసుకుంది. నా కర్చీఫ్ హాయిగా కూర్చుని గుడివాడ వెళ్లిపోయింది.

లేచాను. చేతిలో తడిసిన కర్చీఫ్. రెండు చేతులతో పెద్దాయనకి ఇవ్వబోయాను. ఆయన దాని వంక చూశారు. నా వంక చూశారు.

"ఉంచుకో బాబూ" అన్నారు. "తర్వాతి బస్సుకి పనికొస్తుంది."

అంతే. దీని తర్వాత ఒక్క మాట కూడా లేదు.

ఇక నీ మెసేజ్ సంగతి. "మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే విషయం ఒకటుంది" అని మొదలుపెట్టావు. అలా అనగానే వినేవాడు చేతులు కట్టుకుని, ఏదీ నవ్వించు చూద్దాం అని కూర్చుంటాడు. తీసేశాను. తర్వాత 2 నిమిషాల దాకా బస్సే రాలేదు. సెమిస్టర్ పరీక్షలు, రూమ్మేటు తిరుపతి టికెట్టు, ఆటో అతను 150 అడగడం, ఫోన్లో 4 శాతం చార్జింగ్. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, ఇది చివర్లో మళ్లీ పనికొస్తుందా అని అడిగాను. ఏదీ రాలేదు. మిగిలింది మూడే: పండగ రద్దీ, నీ ఊరు, కర్చీఫ్. కర్చీఫ్ ధర ఉంచింది ఊరికే కాదు. యాభైకి మూడు అంటే అలాంటిది ఇంకెవరి దగ్గరైనా ఉండొచ్చని వినేవాడి మనసులో ఒక మూల పడుతుంది. నీలం గళ్లు అన్న మాట మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ అదే మాట. "చెక్స్ కర్చీఫ్" అని ఒకసారి, "నా రుమాలు" అని ఒకసారి మార్చావంటే మూడోసారి వెలగాల్సిన దీపం వెలగదు.

అన్నిటికంటే పెద్ద నష్టం 3 నిమిషాల దగ్గర జరిగింది. పెద్దాయన రాకముందే, "అసలు నేనెక్కింది వేరే బస్సని నాకప్పుడు తెలీదు" అనేశావు. ఆ ఒక్క వాక్యంతో కథ చచ్చిపోయింది. తెలిసిపోయాక నీ వాదన వింటుంటే పెద్దాయన మీద జాలి, నీ మీద చిరాకు తప్ప ఏమీ రాదు. తెలియకపోతే వాళ్లూ నీ పక్షాన ఉంటారు. వెనక సీటావిడ ఉన్నట్టే. మీ ఆఫీసు మొత్తం నీతోపాటు బందరు బస్సెక్కాలి, నీతోపాటే కండక్టరుకి దొరకాలి. అప్పుడే నవ్వు పగిలినట్టు వస్తుంది.

అలాగని మోసం చేసినట్టూ ఉండకూడదు. అసలు తప్పెలా జరిగిందో నిన్ను ఫోన్లో అడిగి బొమ్మ గీసుకున్నాను. రెండు బస్సులూ ప్లాట్‌ఫారం వైపు ముఖం పెట్టి పక్కపక్కన ఆగాయి. మన బస్సులకి తలుపు ఎడమవైపే ఉంటుంది. నువ్వు సందులో నిలబడి కర్చీఫ్ విసిరింది గుడివాడ బస్సు కుడివైపు కిటికీలోంచి. ఆ సందులోకి తెరుచుకునే తలుపు మాత్రం పక్క బస్సుది. అందుకే "రెండు బస్సుల మధ్య సందు", "గిర్రున వెనక్కి తిరిగి" అన్న రెండు ముక్కలూ కథలో ఉన్నాయి. అవి వదలకు, నొక్కి కూడా పలకకు. కుడి ఎడమల లెక్క కథలోకి తేకు. ఎవరైనా టీ దగ్గర అడిగితే అప్పుడు గీసి చూపించు.

పెద్దాయన కాస్త తిట్టినట్టు చెప్పనా అని అడిగావు. వద్దు. ఆయన తిట్టలేదు, కథకి ప్రాణం అదే. లేనిదేదీ నేను కలపలేదు, ఉన్నదాన్ని దగ్గరికి జరిపాను. కండక్టరు 15 నిమిషాలకి వచ్చాడన్నావు, కథలో వెంటనే వస్తాడు. వాదనలో నలుగురు మాట్లాడారన్నావు, ఒక్కావిడే మిగిలింది. నీ మెసేజ్‌లో ఆయన్ని రెండుచోట్ల "ముసలాయన" అన్నావు. అక్కడ "పెద్దాయన" పెట్టాను, "వచ్చారు, అన్నారు" అనే చెప్పు. నువ్వు ఎంత మర్యాదగా పిలిస్తే ఆ సీటు లాక్కోవడం అంత సిగ్గుగా వినిపిస్తుంది. "సిగ్గుతో చచ్చిపోయాను" అని వేరే చెప్పక్కర్లేదు. నువ్వు రెండు చేతులతో కర్చీఫ్ ఇవ్వబోయినప్పుడే అది కనపడిపోతుంది.

ఆఖరి మాట నువ్వు ఇలా చెప్పావు: "తర్వాత ఇంకో బస్సెక్కాలి కదా, పనికొస్తుంది, ఉంచుకోమన్నాడు." మాటలన్నీ ఉన్నాయి, వరస తిరగబడింది. బస్సు మాట ముందే బయటపడితే "ఉంచుకో"కి పనే లేదు. "ఉంచుకో బాబూ" ముందు రావాలి. అక్కడ వినేవాడు, నువ్వు తుడుచుకున్న గుడ్డ ఆయనకి రోతగా ఉంది కాబోలు అనుకుంటాడు. సగం నవ్వు అక్కడే. "అన్నారు" దగ్గర మనసులో రెండు అంకెలు లెక్కపెట్టు. అప్పుడు బస్సు సంగతి. పరోక్షంలో "ఉంచుకోమన్నాడు" అంటే ఆయన గొంతు పోయి నీ గొంతే మిగులుతుంది. ఆయన మాట ఆయన మాటగానే రావాలి. వణుకుతున్న గొంతు పెట్టకు, మామూలుగా అను.

రాత్రి 11 గంటలకి ఇల్లు చేరడం, అమ్మ చివాట్లు, దిగేముందు ఆయనకి దణ్ణం పెట్టడం తీసేశాను. దణ్ణం సంగతి నాకెంతో నచ్చింది, కానీ నవ్వు వచ్చాక ఏం చెప్పినా ఆ నవ్వు మీద నీళ్లు చల్లినట్టే.

చెప్పేటప్పుడు ఎక్కువ సాధన కావాల్సింది తుడుచుకోవడం దగ్గర. మొహం, మెడ, చెవుల వెనక. మొదటి రెండూ చకచకా, మూడోది నిదానంగా, చెవి మడత లోపలిదాకా. ఆ మూడోసారికి ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వు సగానికి తగ్గేదాకా ఆగి అప్పుడు "బస్సంతా నా వైపే" అను. నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగితే వేగం పోతుంది, మధ్యలో మాట్లాడితే వినపడదు. ఎవరూ నవ్వకపోతే ఆగకుండా వెళ్లిపో, ముందు ఇంకా రెండు చోట్లున్నాయి. "ఇది బందరు బస్సు బాబూ" తర్వాత మాత్రం నవ్వొచ్చినా రాకపోయినా ఆగాలి. కిటికీ వైపు తల తిప్పి ఒక్క క్షణం నిజంగా చూడు.

మీ హైదరాబాద్ ఆఫీసులో గుడివాడ, బందరు వేర్వేరు దారులని తెలియనివాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు ఎక్కువ కనిపిస్తే రెండో పేరాలో "గుడివాడ ఒక దారి, బందరు ఒక దారి" అనకు, గుట్టు బయటపడుతుంది. కండక్టరు మాటకే తగిలించు: "ఇది బందరు బస్సు బాబూ, గుడివాడ పోదు."

రేపటికి, ఎల్లుండికి మూడేసిసార్లు పైకి చెప్పుకో, కాగితం చూడకుండా. మాట మాటా బట్టీ పట్టాల్సింది మొదటి వాక్యం, ఆఖరి రెండు వాక్యాలు. మధ్యలోది నీ నోటికి వచ్చినట్టు రానీ. శనివారం నీలం గళ్ల కర్చీఫ్ ఒకటి జేబులో పెట్టుకెళ్లు, విసిరే చోటికి ముందు బయటికి తియ్యకు. పెద్దాయన మాట అయిపోయాక దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, వెళ్లి నీ కుర్చీలో కూర్చో.

అక్క