12వ తేదీ ఫ్లైట్‌ను 19కి మార్చాలి – PNR: K7QX4M

నమస్కారం అండీ,

మీ దగ్గర నాకూ మా అమ్మకూ మార్చి 12, గురువారం ఉదయం 9:40 ఫ్లైట్‌కి టికెట్లు తీసుకున్నాం. PNR: K7QX4M. దాన్ని సరిగ్గా వారం తర్వాతకి, అంటే మార్చి 19, గురువారానికి మార్చాలండీ.

అమ్మకు నిన్న కంటి ఆపరేషన్ అయింది. నాలుగు గంటలకోసారి చుక్కలు వేస్తున్నాం. 14న చెకప్ ఉంది, అది అయ్యేదాకా ప్రయాణం వద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆ కాగితం ఫొటో దీనితో పంపుతున్నాను. ఛార్జీలో ఏమైనా తగ్గింపు వస్తుందేమో దయచేసి ఎయిర్‌లైన్‌ని అడిగి చూడండి.

19న అదే టైమ్ ఫ్లైట్ దొరికితే మంచిది. లేకపోతే మధ్యాహ్నం లోపు ఏదైనా పర్వాలేదు, రాత్రిది మాత్రం వద్దు. మధ్యలో మారే ఫ్లైట్ కూడా వద్దు, అమ్మ తట్టుకోలేదు. 28వ తేదీ తిరుగు ప్రయాణం అలాగే ఉంచండి.

తేదీ మార్పు ఫీజు ఎంతో, టికెట్ ధరలో తేడా ఎంతో విడివిడిగా చెప్పండి. నేను సరే అన్నాకే మార్చండి, అప్పటిదాకా పాత టికెట్లు క్యాన్సిల్ చేయొద్దు. కొత్త టికెట్‌లో వీల్‌చైర్, పక్కపక్క సీట్లు (అమ్మకు నడవ వైపు), కొన్న అదనపు లగేజీ మళ్ళీ ఎక్కించారో లేదో ఒకసారి చూడండి. పోయినసారి తేదీ మార్చినప్పుడు వీల్‌చైర్ రిక్వెస్ట్ ఎగిరిపోయింది, గేటు దాకా అమ్మ నడవాల్సి వచ్చింది.

రేపు సాయంత్రంలోగా చెప్తే వెంటనే డబ్బు పంపేస్తాను. ఫోన్ చేసినా సరే, సాయంత్రం 6 తర్వాత ఖాళీగానే ఉంటాను.

సుజాత