మానసిక స్థితి పరీక్ష: వార్డు కేసు షీట్

రోగి: పురుషుడు, 46 ఏళ్లు, పల్నాడు ప్రాంతపు మిర్చి రైతు, అయిదో తరగతి వరకు చదువు
పరీక్ష: 2024 నవంబర్ 12, మంగళవారం, ఉదయం 11:20 నుంచి 12:05 వరకు
వివరాలు చెప్పినవారు: భార్య, బావమరిది
రాసింది: సైకియాట్రీ రెండో ఏడాది పీజీ, రేపటి రౌండ్ కోసం

ఇంటర్వ్యూలో గీసుకున్న నోట్సు, ఉన్నది ఉన్నట్టుగా

46/పు. మిర్చి. మాసిన లుంగీ, గడ్డం, తాయెత్తు. తలెత్తడు. చాలా స్లో. డిప్రెస్డ్. "పేగుల్లేవు". పురుగు తనవల్లేనట?? అప్పు 3.4 లక్షలు. కూతురి మాటకి ఏడుపు. "దొంగా" అని గొంతు. 100–7: 93, 86, ఆగాడు. సామెత తేడా కొట్టింది. చావు ఆలోచన ఉంది, అడిగాను. భార్య: నెలగా నిద్ర లేదు, 6 కిలోలు తగ్గాడు, చేతబడి అంటోంది. ఇన్‌సైట్ లేదు.

నిద్ర, బరువు, చేతబడి మూడూ భార్య చెప్పినవి కాబట్టి హిస్టరీలోకి మార్చాను. కింద రాసినవన్నీ ఈ 45 నిమిషాల్లో నేను చూసినవీ ఆయన నోటి వెంట విన్నవీ. ఎక్కడైనా భార్యను అడిగి సరిచూసుకుంటే ఆ మాట అక్కడే రాశాను.

రూపం, ప్రవర్తన

సన్నటి మనిషి. వయసుకు మించి పెద్దగా కనిపిస్తున్నారు. బావమరిది చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. లుంగీ మాసింది, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టి ఉన్నాయి. నాలుగైదు రోజుల గడ్డం. పెదాలు ఎండి ఉన్నాయి. కుడి దండకు తాయెత్తు (భార్య కట్టించిందట). కనుబొమల మధ్య ఒమేగా మడత స్పష్టంగా ఉంది.

కుర్చీ అంచున ముందుకు వంగి కూర్చున్నారు. ఇంటర్వ్యూ అంతటిలో నా ముఖం వైపు రెండుసార్లే చూశారు. కండువా కొసను వేళ్లతో చుడుతూ విప్పుతూ ఉన్నారు. అదొక్కటి తప్ప ఒంట్లో కదలిక లేదు. సైకోమోటార్ రిటార్డేషన్ ఉంది. బిగుసుకుపోవడం, పెట్టిన భంగిమలోనే ఉండిపోవడం లేవు. సహకరించారు. విసుగు చూపలేదు. రాపోర్ట్ నెమ్మదిగా, కూతురి ప్రస్తావన వచ్చాక కుదిరింది.

మాట

తనంతట తాను మాట్లాడలేదు, అడిగితేనే జవాబు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య 8 నుంచి 12 సెకన్లు (గడియారం పెట్టి చూశాను). గొంతు చిన్నది, ఒకే స్థాయిలో సాగింది, వాక్యం చివర వినిపించనంతగా పడిపోయేది. అడిగినదానికి సంబంధించే, అర్థమయ్యేలా చెప్పారు.

మూడ్, అఫెక్ట్

నోట్సులో "డిప్రెస్డ్" అని ఉంది. అది నా మాట. "మనసు ఎట్టా ఉంది?" అని అడిగితే ఆయన అన్నది: "మనసా? ఎండిపోయిన చేను మాదిరి ఉందమ్మా." మూడ్ కింద ఈ మాటే ఉంచుతున్నాను.

నేను గమనించిన అఫెక్ట్: విషాదం, పరిధి బాగా కుదించుకుపోయింది. కూతురు నర్సింగ్‌లో చేరిన సంగతి ఎత్తగానే కళ్ల నీళ్లు తిరిగాయి, ఓ నిమిషం తర్వాత ముఖం మళ్లీ మామూలుగా మొద్దుబారిపోయింది. కాబట్టి రియాక్టివిటీ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. మూడ్‌కూ ఆలోచనలకూ పొంతన ఉంది.

ఆలోచన

వేగం తగ్గింది. ఆలోచనల అల్లికలో తేడా లేదు. ఎవరో తన బుర్రలో ఆలోచనలు పెడుతున్నట్టు, లాగేస్తున్నట్టు, బయటికి చాటుతున్నట్టు ఉందా అని విడివిడిగా అడిగాను, మూడింటికీ లేదన్నారు. అబ్సెషన్లు లేవు.

విషయం దగ్గర మాత్రం జాగ్రత్తగా విడదీయాల్సి వచ్చింది. అప్పు 3 లక్షల 40 వేలు ఉన్నమాట నిజమేనని బావమరిది కూడా చెప్పారు. దాని గురించిన దిగులును డెల్యూజన్ అనలేం. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డ మాటా నిజమే, ఆ ఏడు ఆ జిల్లాల్లో చాలామంది తోటలు పీకేశారు. డెల్యూజన్ ఇక్కడ మొదలవుతోంది: "నేను తెచ్చిన నారుతోనే పురుగొచ్చింది. ఊరంతా నా పాపానికే మునిగింది. ఇయ్యాల కాకపోతే రేపు పోలీసులొస్తారు." నారు అందరూ ఒకే నర్సరీలో కొన్నారు కదా అంటే, "వాళ్లది మంచి నారు, నేను ముట్టుకున్నాకే చెడింది" అన్నారు. మూడుసార్లు మూడు రకాలుగా అడిగినా నమ్మకం చెక్కుచెదరలేదు. డెల్యూజన్ ఆఫ్ గిల్ట్.

రెండోది నిహిలిస్టిక్: "పేగులు కుళ్లిపోయినయ్యమ్మా, అన్నం తింటే ఎక్కడికి పోద్ది?" దీనివల్లే రెండు రోజులుగా మజ్జిగ తప్ప ఏమీ తీసుకోవడం లేదు. మజ్జిగ ఎలా లోపలికి పోతోందంటే జవాబు రాలేదు.

భార్య చేతబడి అంటోంది, ఆయన దాన్ని ఒప్పుకోవడం లేదు ("నాకు చెయ్యాల్సిన పనెవరికి? చేసింది నేనే"). ఊళ్లో పదిమందికీ ఉన్న నమ్మకం అది, ఆయన ఆలోచనల్లో భాగంగా రాయలేదు.

నిస్సహాయత, నిరాశ, పనికిరాననే భావన ఉన్నాయి. చావు గురించి సూటిగా అడిగాను. "పోతే బాగుండు" అనే ఆలోచన వారంలో మూడుసార్లు వచ్చిందన్నారు. ఏదైనా అనుకున్నారా అంటే చాలాసేపు ఆగి "పిల్ల చదువు అయ్యేదాకా ఉండాలి" అన్నారు. పథకం ఉన్నట్టు చెప్పలేదు, గతంలో ప్రయత్నం లేదు. ఆ ఆగడాన్ని తేలిగ్గా తీసుకోలేను, డెల్యూజన్లు కూడా ఉన్నాయి కాబట్టి రిస్క్ ఎక్కువగానే వేశాను. నర్సింగ్ స్టేషన్ ఎదుటి మంచం, రాత్రింబవళ్లు పక్కన మనిషి. ఇంట్లో పొలం మందులు ఉన్నాయి. వాటిని ఈ సాయంత్రమే వేరేచోటికి మార్పిస్తానని బావమరిది ఒప్పుకున్నారు. టెలి మానస్ 14416 నంబరు భార్యకు రాసిచ్చాను.

పర్సెప్షన్

కిటికీ వైపునుంచి మగ గొంతు "దొంగా" అని పిలుస్తోందన్నారు. రోజుకు అయిదారుసార్లు, మెలకువగా ఉన్నప్పుడే. ఎవరిదో తెలియదు. ఆజ్ఞలివ్వదు, ఇద్దరు మాట్లాడుకున్నట్టు ఉండదు. సెకండ్ పర్సన్ ఆడిటరీ హాలూసినేషన్, మూడ్‌కు తగ్గట్టే ఉంది.

కాగ్నిషన్

స్పృహలో ఉన్నారు. మనుషులు, చోటు సరిగా చెప్పారు. వారం సరే, తేదీ 11 అన్నారు. అంకెలు ముందుకు 5, వెనక్కి 3. వందలోంచి ఏడు తీసేయడం 86 దగ్గర ఆగిపోయింది. 20 నుంచి ఒకటిదాకా వెనక్కి మాత్రం తప్పు లేకుండా చెప్పారు, 70 సెకన్లు పట్టింది. అరటి, గొడుగు, బండి: అయిదు నిమిషాల తర్వాత రెండు గుర్తున్నాయి, బండి అందించాక వచ్చింది. పొద్దున ఇడ్లీ పెడితే వద్దన్నానని చెప్పారు, పెళ్లి 2003లో అన్నారు. రెండూ నిజమేనని భార్య చెప్పింది. మిర్చి నారు ఎప్పుడు పోస్తారంటే ఇంటర్వ్యూ మొత్తంలో ఈ ఒక్కదానికే ఆగకుండా జవాబొచ్చింది.

వంకాయ, బెండకాయ: "రెండూ కూరకే." "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అంటే ఏమిటన్నప్పుడు "ఆ దొంగని నేనే" అన్నారు. ఈయన దగ్గర ఆ సామెత ఎత్తడం నా పొరపాటు. దాన్ని కాంక్రీట్ థింకింగ్‌గా లెక్కించలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు" అడిగితే "అంతా అయినాక జాగ్రత్తపడి లాభమేంటి" అని సరిగానే విప్పారు. అబ్‌స్ట్రాక్షన్ బాగుంది.

జడ్జ్‌మెంట్

ఇల్లు అంటుకుంటే: "కేకేసి అందర్నీ పిలుస్తా, నీళ్లు పోస్తా." టెస్ట్ జడ్జ్‌మెంట్ సరే. పర్సనల్ జడ్జ్‌మెంట్ దెబ్బతింది, తిండి మానేశారు.

ఇన్‌సైట్

నోట్సులోని "లేదు" కొట్టేశాను. జబ్బు ఉందని ఒప్పుకుంటున్నారు, కాకపోతే అది కడుపులో ఉందంటున్నారు: "నన్ను కడుపు డాక్టరు దగ్గరికి పంపండి. మీ మాత్రలు వేసుకోమంటే వేసుకుంటా, మీరు చిన్నపిల్ల, మీ మాట కాదనను." గ్రేడ్ 3.