పల్లీలా, చెనిక్కాయలా?

హాయ్ అండి. మెసేజ్ కొంచెం పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. టీ తాగుతూ చదవండి.

శనివారం ఇంటికెళ్ళాక మీరు 'కలవడం బాగుంది' అని పెట్టారు, నేనూ 'నాకూ' అని పెట్టాను. ఇద్దరం మర్యాదకే పెట్టామని నా అనుమానం. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం చప్పగానే నడిచింది, అందులో ఎక్కువ వాటా నాదే. సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కుని ఇరవై ఐదు నిమిషాలు లేటుగా వచ్చాను. వచ్చాక ఆ టెన్షన్‌లో మిమ్మల్ని ఏ కంపెనీ, ఏ టీమ్, వారానికి ఎన్ని రోజులు ఆఫీసు అని వరసగా అడిగాను. పెళ్ళిచూపులకి వచ్చిన మా పెదనాన్న కూడా అన్ని ప్రశ్నలు వేయడు. పైగా ఇందిరానగర్‌లో ఆ పాటల హోరు. మీరు రెండుసార్లు ఏదో అన్నారు, నాకు వినబడకపోయినా నవ్వాను. అవి నవ్వే మాటలు కాకపోతే క్షమించండి.

కానీ ఒక్క పది నిమిషాలు మాత్రం బాగున్నాయి. పీనట్ మసాలా ప్లేటు వచ్చినప్పుడు నేను 'చెనిక్కాయలు' అంటే మీరు 'పల్లీలు అనాలి' అని గొడవకి దిగారు చూడండి, అప్పుడే. అనంతపురం వాడికి చెనిక్కాయల గురించి వరంగల్ అమ్మాయి పాఠం చెప్పడమేంటని నాకు రోషం కూడా వచ్చింది. అప్పటిదాకా ఇద్దరం ఇంటర్వ్యూలో ఉన్నట్టు కూర్చున్నాం. ఆ పది నిమిషాల కోసమే ఇంకోసారి కలుద్దామని అడుగుతున్నా.

బసవనగుడిలో కడలెకాయి పరిషె వస్తోంది. కార్తీకమాసం చివరి సోమవారం, దొడ్డ బసవన్న గుడి దగ్గర, చెనిక్కాయల జాతర. (సరే, పల్లీల జాతర.) ఒకప్పుడు ఎద్దు చేలో పడి కాయంతా మేసేస్తుంటే, రైతులు తొలి పంట బసవన్నకే ఇస్తామని మొక్కుకున్నారట. మా ఊళ్ళో పందులు తింటాయి, వాటికెవరూ గుడి కట్టలేదు.

సోమవారం ఇద్దరికీ ఆఫీసు, జనం కూడా విపరీతం. ముందు రోజు నుంచే రోడ్డు పక్కన రాశులు పోసి అమ్ముతుంటారు కాబట్టి ఆదివారం సాయంత్రం ఐదింటికి వెళ్దామా? మీరు వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి, గ్రీన్ లైన్ ఎక్కి నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే చాలు. ఈసారి నేనూ మెట్రోలోనే వస్తాను, మీకంటే ముందే ఉంటాను. నడుస్తూ తింటాం కాబట్టి ఎదురెదురుగా కూర్చుని మాటల కోసం వెతుక్కునే బాధ ఉండదు. గంటలో బోర్ కొడితే ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోదాం.

మీకు శనివారమే సరిపోయిందనిపిస్తే 'వద్దండి' అని ఒక్క మాట పెట్టండి. కారణం చెప్పక్కర్లేదు, నేను మళ్ళీ అడగను.

వస్తే మాత్రం మొదటి పొట్లం నేనే కొంటాను, చెనిక్కాయలనే అడుగుతాను. అమ్మే ఆవిడ ఎలాగూ 'కడలెకాయి' అంటుంది, మీరూ గెలవరు.