ఫుడ్ టాక్సికాలజీ: రెండో ఇంటర్నల్ పరీక్ష

ఎంఎస్సీ ఫుడ్ సైన్స్, రెండో సెమిస్టర్
సమయం: గంట. మార్కులు: 25

క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు. జవాబు పక్కన యూనిట్ లేకపోతే అర మార్కు పోతుంది. పోయినసారి సగం మంది అక్కడే పోగొట్టుకున్నారు.

1. లేమన్, ఫిట్జ్‌హ్యూ 1954లో 100 రెట్ల సేఫ్టీ ఫ్యాక్టర్‌ను ప్రతిపాదించారు. అందులోని రెండు పదులూ దేనికి? ఒక్కోదానికి రెండు వాక్యాలు చాలు. (3)

2. ‘క’ అనే ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందును మేతలో కలిపి పరీక్షించారు. ఎలుకలకు రెండేళ్లపాటు 0, 10, 40, 160 పీపీఎం ఇచ్చారు. కుక్కలకు ఏడాదిపాటు 0, 10, 40, 200 పీపీఎం ఇచ్చారు. రెండింటిలోనూ పై మోతాదు దగ్గర మాత్రమే ఎర్ర రక్తకణాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ గణనీయంగా తగ్గింది. మేతలో 1 పీపీఎం అంటే ఎలుకకు రోజుకు కిలో శరీర బరువుకు 0.05 మి.గ్రా., కుక్కకు 0.025 మి.గ్రా. అనుకోండి.

అ) రెండు అధ్యయనాల్లోనూ ఎన్ఓఏఈఎల్ 40 పీపీఎమే కాబట్టి ఏది తీసుకున్నా ఏడీఐ ఒకటే అని మీ పక్క బెంచీ విద్యార్థి అంటున్నాడు. లెక్క వేసి అతనికి జవాబు చెప్పండి. (4)
ఆ) ఏడీఐ ఎంత? 60 కిలోల మనిషికి రోజుకు ఎన్ని మి.గ్రా.? (2)
ఇ) కుక్కల అధ్యయనంలో 10 పీపీఎం దగ్గరే ఎంజైమ్ తగ్గి ఉంటే, అంటే ఎల్ఓఏఈఎల్ మాత్రమే చేతికొస్తే, అదనంగా ఏ ఫ్యాక్టర్ వేస్తారు? కొత్త ఏడీఐ చెప్పండి. (3)

3. జంతువుకూ మనిషికీ మధ్య ఉండే 10ని టాక్సికోకైనెటిక్స్‌కు 4, టాక్సికోడైనమిక్స్‌కు 2.5గా విడగొడతారు. ‘క’ విషయంలో కైనెటిక్స్ తేడా 2 రెట్లే అని నమ్మదగిన డేటా దొరికింది. మొత్తం ఫ్యాక్టర్ ఎంత అవుతుంది? (2)

4. ‘క’ ఎంఆర్ఎల్‌లు (మి.గ్రా./కిలో): బియ్యం 0.1, కూరగాయలు 0.5, ఎండుమిర్చి 20. అన్నిట్లో అవశేషం సరిగ్గా ఎంఆర్ఎల్ దగ్గరే ఉందనుకోండి.

పెద్దలు, 60 కిలోలు: బియ్యం 400 గ్రా., కూరగాయలు 300 గ్రా., కారం 10 గ్రా.
బడి పిల్ల, 15 కిలోలు: బియ్యం 200 గ్రా., కూరగాయలు 150 గ్రా., కారం 3 గ్రా.

అ) ఇద్దరికీ రోజుకు లోపలికి వెళ్లేది ఏడీఐలో ఎంత శాతం? 2(ఆ)లో వచ్చిన ఏడీఐనే వాడండి. (4)
ఆ) పిల్ల శాతం చూసి కంగారుపడకండి. ఈ లెక్క అసలు తినే మోతాదు కంటే ఎందుకు ఎక్కువ చూపిస్తుందో మూడు కారణాలు రాయండి. (3)
ఇ) గుంటూరు రైతు ఎండుమిర్చి నమూనాలో 24 మి.గ్రా./కిలో వచ్చింది, లాట్ తిరిగొచ్చింది. ‘మా మిర్చి విషమా సార్?’ అని ఆయన అడిగాడు. 10 గ్రా. కారానికి లెక్క వేసి, ఏడీఐ, ఎంఆర్ఎల్ దేనికోసం పెట్టారో ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. టెక్నికల్ పదాలు కుప్పపోస్తే మార్కులు రావు. (4)