విశాఖ ఎడిషన్ స్పోర్ట్స్ రిపోర్టర్ ఉద్యోగానికి దరఖాస్తు, దానికి జతచేసిన నాలుగు కథనాలు

స్పోర్ట్స్ ఎడిటర్ గారికి,

నమస్కారం.

విశాఖపట్నం ఎడిషన్‌కి స్పోర్ట్స్ రిపోర్టర్ కావాలన్న మీ ప్రకటన చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నా పేరు శ్రావణి, వయసు 24. మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ చేశాక, రెండేళ్లుగా ఒక దినపత్రిక జిల్లా పేజీలకు కంట్రిబ్యూటర్‌గా ఆటల వార్తలు రాస్తున్నాను.

కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట మాకు పక్కనే. నేను పుట్టేసరికే ఆవిడ సిడ్నీ నుంచి పతకం తెచ్చేశారు. మా ఇంట్లో ఆ లెక్క ఎక్కంలా వినిపించేది: స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు. మా నాన్న అక్కడితో ఆపేవారు కాదు. చివరి ప్రయత్నంలో పెట్టించిన 137.5 కిలోలు కూడా లేచి ఉంటే స్వర్ణమే వచ్చేదని ప్రతిసారీ కలిపేవారు. పతకం కథ ఊరందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ లేవని బరువు మీదే ధ్యాస ఉండేది. అంత ఎందుకు పెట్టించారు, తక్కువ పెట్టించి ఉంటే ఏమయ్యేది అని అడిగి నాన్నను విసిగించేదాన్ని. ఇప్పుడు మైదానాల్లో కోచ్‌లను అడుగుతున్నవీ ఇలాంటి ప్రశ్నలే.

జిల్లా పేజీల్లో ఆటల వార్త ఎలా వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రెస్‌నోట్ వస్తుంది. రిబ్బన్ కత్తిరించినవారి పేరు, పక్కన నిలబడ్డవారి పేర్లు, శాలువా కప్పినవారి పేరు అన్నీ ఉంటాయి. స్కోరు ఉండదు. ఓడిన జట్టు ఏ ఊరిదో కూడా ఉండదు. పైన 'సత్తా చాటిన విద్యార్థులు' అని శీర్షిక. మొదటి ఆర్నెల్లు నేనూ అలాగే పంపాను. తర్వాత ప్రెస్‌నోట్ కోసం చూడకుండా ఆట మొదలయ్యే ముందే మైదానానికి వెళ్లడం, స్కోరు షీటు సొంతంగా రాసుకోవడం, ఓడినవాళ్లతో కూడా మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. ఈ పద్ధతిలో రాసినవే ఇక్కడ జత చేశాను.

నాకు బాగా వచ్చినవి కబడ్డీ, అథ్లెటిక్స్, వెయిట్‌లిఫ్టింగ్. క్రికెట్ అర్థమవుతుంది, రాయగలను. కానీ అంతర్జాతీయ మ్యాచ్‌ని ప్రెస్ బాక్స్‌లో కూర్చుని రాసిన అనుభవం ఇంకా లేదు. టెన్నిస్ గురించి చాలా నేర్చుకోవాలి. అను, యూనికోడ్ రెండింటిలోనూ టైప్ చేస్తాను. రాత్రి డ్యూటీకి ఇబ్బంది లేదు. సొంత స్కూటీ ఉంది. ఇప్పుడు రాస్తున్నచోట పదిహేను రోజుల ముందు చెబితే చాలు, వచ్చి చేరగలను.

అచ్చయిన వాటిలో మంచివి ఇంకో పది దాకా ఉన్నాయి. అన్నీ పంపితే మీరు చదవరని తెలుసు కాబట్టి నాలుగే పెట్టాను. అందులో ఒకటి నా తప్పు.

ఇట్లు,
శ్రావణి
ఆమదాలవలస

1. మూడు బంతులు

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన రోజు రాసింది. మన టైమ్ ప్రకారం అది మధ్యాహ్నానికల్లా అయిపోయింది. సాయంత్రానికి నితీశ్ గురించి రాయనివాళ్లు లేరు. తండ్రి కన్నీళ్లు అప్పటికే అన్ని ఛానెళ్లలో వచ్చేశాయి. అందుకని ఆ సెంచరీని నాన్‌స్ట్రైకర్ వైపు నుంచి రాద్దామనుకున్నాను. ఎడిటింగ్‌లో రెండు వాక్యాలు పోయాయి. ఇక్కడ ఇచ్చింది నేను పంపిన కాపీ.

*నితీశ్ 99 మీద ఉన్నాడు. బుమ్రా సున్నాకే ఔటయ్యాడు. మిగిలింది ఒక్క వికెట్. కమిన్స్ ఓవర్‌లో ఇంకా మూడు బంతులున్నాయి. వాటిని ఆడాల్సింది నితీశ్ కాదు, సిరాజ్.*

*గాజువాకలో ఒక టీ కొట్టు ముందు పాతికమంది నిలబడి ఉన్నారు. టీ పోసే ఆయన కూడా పోయడం ఆపేశాడు. "హైదరాబాద్ తమ్ముడా, ఈ ఒక్కసారికి బ్యాట్ ఊపకురా" అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.*

*సిరాజ్ బ్యాటింగ్‌కి వస్తే టీవీ ముందు నుంచి లేచి వెళ్లడం మనకు అలవాటు. ఈసారి మాత్రం ఒక్కరూ కదల్లేదు. ఒక బంతి అయింది. రెండోదీ అయింది. మూడోది కూడా ఆగేసరికి మెల్‌బోర్న్‌లో లేచిన కేక, గాజువాకలో లేచిన కేక టీవీ దగ్గర ఒకటే అయ్యాయి. స్కోరుబోర్డులో ఏ మార్పూ లేదు. మూడు బంతులు, సున్నా పరుగులు.*

*తర్వాతి ఓవర్‌లో బోలాండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా ఫోర్ కొట్టి వంద దాటాడు. ఎనిమిదో నంబరులో వచ్చిన కుర్రాడికి టెస్టుల్లో అది తొలి సెంచరీ. మోకాలి మీద కూర్చుని బ్యాట్ నిలబెట్టి దానికి హెల్మెట్ తగిలించాడు. ఆ ఫొటో చాలా ఇళ్ల గోడల మీదికి ఎక్కుతుంది. సిరాజ్ ఆడిన మూడు బంతులకు ఫొటో లేదు.*

2. కూత తిరిగి రాలేదు

నరసన్నపేట మండలంలో సంక్రాంతికి జరిగిన కబడ్డీ ఫైనల్ ఇది. ఆట రాత్రి పదకొండున్నరకు ముగిసింది. మైదానం గట్టు మీద కూర్చుని ఫోన్‌లో టైప్ చేసి పన్నెండులోపు పంపాను. ఆడినవాళ్లలో ఇంటర్ చదివే పిల్లలు ఉన్నారు కాబట్టి ఈ ప్రతిలో పేర్లు తీసేసి జెర్సీ నంబర్లు ఉంచాను.

*నలభై సెకన్లు ఉన్నాయి. ఆతిథ్య జట్టు 27, పక్క ఊరి జట్టు 26. పక్క ఊరికి కోర్టులో మిగిలింది ఇద్దరే. ఆ సమయంలో ఆతిథ్య జట్టు నుంచి ఏడో నంబరు కూతకు బయల్దేరాడు.*

*అతను చేయాల్సింది చాలా చిన్న పని. అవతలి కోర్టులోని బాక్ లైన్ దాటి, కాసేపు అటూ ఇటూ తిరిగి, ముప్పై సెకన్లలోపు నడిమి గీత ఇవతలికి వచ్చేస్తే చాలు. అవతలివాళ్లకు చివరి కూత ఒక్కటే మిగులుతుంది. ఆ కూతను కాపు కాయడానికి తన జట్టులో ఆరుగురున్నారు.*

*ఏడో నంబరు బాక్ లైన్ దాటాడు. ఇరవై సెకన్లు తిరిగాడు. వెనక్కి అడుగు వేయబోతూ ఎడమ మూల ఆటగాడి వైపు కాలు చాచాడు. ఆ కాలి మడమ దొరికింది. రెండోవాడు నడుము పట్టాడు. ముగ్గురూ కలిసి పడ్డచోట నుంచి గీత జానెడు దూరం.*

*ముగ్గురు, అంతకన్నా తక్కువమంది ఉండగా రైడర్‌ను పడితే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. 28–27. చివరి కూతలో అవతలివాళ్లు బాక్ లైన్ దాటి టైమ్ గడిపేశారు.*

*కప్పు ఇచ్చేటప్పుడు ఏడో నంబరు ట్రాక్టరు వెనక కూర్చుని కాలి పట్టీ విప్పుకుంటున్నాడు. ఎందుకు వెళ్లావని అడిగితే, "కాలు అందేలా కనబడిందక్కా" అన్నాడు. అంతకుముందు ఆ జట్టు చేసిన 27 పాయింట్లలో పదకొండు ఇతనివే. అన్నీ అలా కనబడినప్పుడు వెళ్లి తెచ్చినవే.*

చివరి రెండు వాక్యాలు తీసేసి అక్కడ ముఖ్య అతిథుల పేర్లు పెట్టారు. వాటి కోసం నేను డెస్క్‌తో ఫోన్‌లో పోట్లాడాను. ఓడిపోయాను.

3. దిద్దుబాటు

మొదటి ఏడాది ఒక పాఠశాలల మీట్‌లో వంద మీటర్లు గెలిచిన అబ్బాయి టైమ్ పక్కన, పోలికకు పాత ఎలక్ట్రానిక్ టైమ్ ఒకటి పెట్టి 'రికార్డుకు అడుగు దూరంలో' అని శీర్షిక సూచించాను. అలాగే అచ్చయింది. మర్నాడు ఒక పీఈటీ సార్ ఫోన్ చేశారు. "అమ్మా, నువ్వు రాసింది స్టాప్‌వాచ్ టైమ్. తుపాకీ మోగాక వేలు నొక్కడానికే కొంత పోతుంది. దానికి 0.24 సెకన్లు కలిపి అప్పుడు పోల్చు" అన్నారు. కలిపి చూస్తే అడుగు కాదు, రెండు గజాల పైనే ఉంది. నేనే డెస్క్‌కి చెప్పి ఇది వేయించాను. ఇదొక్కటే మూడు లైన్లు.

*నిన్నటి పాఠశాలల క్రీడల వార్తలో వంద మీటర్ల టైమ్ చేతి గడియారంతో తీసినది. దాన్ని ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చడం పొరపాటు. విద్యార్థి విజయంలో మార్పు లేదు.*

ఆ అబ్బాయి నన్ను ఏమీ అనలేదు. వాళ్లమ్మ మాత్రం పేపరు కటింగ్ అప్పటికే లామినేషన్ చేయించేసింది. అది తలచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

4. లెక్కలోకి రాని పరుగులు

2025 మేలో కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్‌లో జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణాన్ని నిలబెట్టుకున్నప్పుడు, ప్రధాన వార్త పక్కన బాక్స్ ఐటం కోసం రాసింది. పై తప్పు చేయకపోతే ఇది రాసేదాన్ని కాదేమో.

*విశాఖ అమ్మాయి గుమిలో 12.96 సెకన్లకు గీత దాటింది. ఆ పరుగుకు అన్నీ కలిసొచ్చాయి. కలిసిరాని రోజులూ ఆమెకు ఉన్నాయి.*

*2020లో మూడబిద్రిలో 13.03కే పరుగెత్తింది. పాత జాతీయ రికార్డు 13.38 కన్నా చాలా మెరుగు. కానీ ఆ మీట్‌లో డోప్ పరీక్ష జరగలేదు, ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి లేరు. రికార్డు ఇవ్వలేదు. 2022లో కోళికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. అడ్డు రావడమంటే ఎదురు వీయడం కాదు, వెనక నుంచి తోయడం. సెకనుకు 2 మీటర్ల వేగం వరకు వెనక గాలి ఉంటే పరవాలేదు. ఆ రోజు 2.1 ఉంది.*

*పది హర్డిల్స్. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, ఆ మధ్యలో సరిగ్గా మూడడుగులు. వెనక నుంచి గాలి తోస్తే అడుగు సాగుతుంది, హర్డిల్ ముందే మీదికి వచ్చేస్తుంది. అంటే ఆ గాలి ఆమెకు ఉత్త సాయమే చేసిందని కూడా చెప్పలేం. గాలిమీటరుకు ఇవన్నీ అక్కర్లేదు. అది అంకె చూపిస్తుంది.*

*అదే ఏడాది మేలో సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23. ముందటి రెండింటికన్నా నెమ్మదైన పరుగు. రికార్డు పుస్తకంలోకి మొదట ఎక్కింది మాత్రం అదే.*

పాత కటింగుల పీడీఎఫ్‌లు ఈ మెయిల్‌కే జత చేశాను. కబడ్డీ మ్యాచ్ స్కోరు షీటు నా చేతిరాతలో ఉంది, ఇంటర్వ్యూకి పిలిస్తే తెస్తాను.