లేచారా, ఇంకా దుప్పట్లోనేనా?

భోగి శుభాకాంక్షలు రా అందరికీ! నాకంటే పెద్దవాళ్ళు ఆ "రా" తీసేసి చదువుకోండి.

టైం నాలుగున్నర. అమ్మమ్మగారి ఊళ్ళో మంట అప్పుడే అంటించేశారు, మావయ్య ఫోన్ చేసి మరీ వినిపించాడు, కొబ్బరి మట్టలు టపటపా పేలుతున్నాయి, వెనకనుంచి అత్త "దూరం జరగండర్రా" అని ఎవర్నో కేకలేస్తోంది. మనం అక్కడ లేకపోయినా ఆ కేకలు మనవే.

చిన్నబావా, ముందు నువ్వు లే. పాతవన్నీ మంటలో వెయ్యాలన్నారు కదా అని తాతయ్య పడక్కుర్చీ కర్ర పీకి వేసింది నువ్వు. మధ్యాహ్నం ఆయన భోంచేసి వచ్చి నడుం వాల్చబోయి గుడ్డతో సహా కిందికి జారిపోతే, అరుగు మీద ఏమీ ఎరగనట్టు చెరుకు ముక్క నములుతూ కూర్చున్నదీ నువ్వే. ఆ కేసు ఇప్పటికీ పండుగాడి మీదే నడుస్తోంది, పాపం వాడు ఆ ఏడాది మంట దగ్గరికి రానేలేదు, జ్వరంతో పడుకున్నాడు!

చిట్టీ, నువ్వు నవ్వకు. హైదరాబాద్ నుంచి దిగి, చేతులకి పాలిథిన్ కవర్లు కట్టుకుని భోగి పిడకలు చేసిన మహాతల్లివి. అవి పిడకల్లా లేవు, అప్పడాల్లా ఉన్నాయి. దండ గుచ్చుతుంటే ఒక్కోటీ విరిగిపోతూంటే పెద్దక్క తన దండలోంచి తీసి నీకిచ్చింది, ఆ సంగతి నీకు గుర్తుందో లేదో గానీ పెద్దక్క మాత్రం మర్చిపోలేదు.

ఇక తలంటు. నువ్వుల నూనె, సున్నిపిండి, ఆ మంట మీద కాగిన నీళ్ళు, అన్నీ బాగానే ఉండేవి, ఆ కుంకుడు రసం దగ్గరే వచ్చేది గొడవంతా. కళ్ళు మండిపోతున్నాయి అమ్మమ్మా అని పెడబొబ్బలు పెడితే నోట్లో ఉప్పుగల్లు వేసి "ఇప్పుడు తగ్గిందా" అనేది. తగ్గేది కాదు, కానీ నోట్లో ఉప్పుంటే అరవలేం కదా, అదీ ఆవిడ తెలివి. ఇప్పుడు మీరంతా షాంపూ రాసుకుని పండగ అయిపోయిందంటారు, సిగ్గులేదూ?

అసలు విషయం. బుజ్జక్క కొడుక్కి ఈ సాయంత్రం భోగిపళ్ళు, సరిగ్గా ఐదింటికి వీడియో కాల్. డల్లాస్ వాళ్ళకి ఇంకా నిన్నటి సాయంత్రమే నడుస్తోందని తెలుసు, మన ఐదు మీకు తెల్లారగట్ల ఐదున్నర, భోగికి పెందరాళే లేచిన పుణ్యం ఊరికే వస్తుంది, అలారం పెట్టుకోండి. వాడి నెత్తిన పోసే రేగుపళ్ళల్లో చిల్లర కూడా కలుపుతున్నాం. చిన్నబావ ఫోన్లోనే ఉంటాడు కాబట్టి ఈసారి ఆ చిల్లర పిల్లలకే దక్కుతుంది.

తలంటి పోసుకుని, కొత్తబట్టలు కట్టుకుని, ఎవరింటి ఫోటో వాళ్ళు ఎనిమిదిలోపు పెట్టాలి. నిరుటి ఫోటో పెట్టి తప్పించుకుందామనుకుంటే కుదరదు, ఆ చొక్కాలన్నీ నాకు గుర్తే.